కోల్డ్ స్టోరేజీ రసీదు వెనుక ఒక పేరా: బాధ్యత ఏదీ జారిపోకుండా తిరగరాసిన తీరు

ఫిబ్రవరి వచ్చిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఎండుమిర్చి బస్తాలు పోటెత్తుతాయి. ఆ రోజు ధర గిట్టుబాటు కాదనుకున్న రైతులు సరుకును చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో పెట్టి, ధర పెరిగే దాకా ఆగుతారు. సరుకు దించగానే చేతికొచ్చే రసీదుకు ముందువైపు లాటు నంబరు, రకం, బస్తాల లెక్క ఉంటాయి. వెనుకవైపు చిన్న అక్షరాల్లో షరతులుంటాయి. అలాంటి ఒక కోల్డ్ స్టోరేజీ యాజమాన్యం తమ షరతులను రైతుకు అర్థమయ్యేలా తిరగరాయమని నాకు అప్పగించింది. సీజను చివర్లో కౌంటరు దగ్గర ఏటా అవే తగాదాలు వస్తున్నాయన్నది వారి బాధ. "ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు" అని రైతు అంటారు, గుమస్తా రసీదు తిప్పి చూపిస్తారు, అందులో ఏముందో ఇద్దరికీ తేలదు.

మొత్తం షరతుల్లో అత్యంత చిక్కైనది ఆరో పేరా. ఈ కథనం దాని గురించే. పాత ప్రతిలో అది ఇలా ఉంది:

"డిపాజిటుదారు తాను నిలువయుంచిన సరుకునకు సంబంధించి చెల్లించవలసిన అద్దె, హమాలీ, బీమా రుసుము మరియు కంపెనీ వారిచే ఇవ్వబడిన అడ్వాన్సు యావత్తును సీజను ముగియులోగా చెల్లించి సరుకు తీసుకొనిపోవలెను, అట్లు తీసుకొనిపోని పక్షమున, పదిహేను దినముల నోటీసు జారీ చేయబడిన పిమ్మట, కంపెనీ వారికి గల ఇతర హక్కులకు భంగము లేకుండ, సదరు సరుకును బహిరంగ వేలము ద్వారా గాని ప్రైవేటుగా గాని విక్రయించి బకాయిలు జమ కట్టుకొనుటకు కంపెనీ వారు హక్కు కలిగియుందురు, మిగులు ఉన్న యెడల డిపాజిటుదారుకు చెల్లించబడును, తక్కువ పడిన యెడల అందుకు డిపాజిటుదారు బాధ్యుడగును, అయితే డిపాజిటుదారు మరేదైన లాటు క్రింద బకాయి పడియున్న యెడల సదరు బకాయి తీరువరకు ఏ లాటు సరుకునైనను నిలుపుదల చేయు హక్కు కంపెనీ వారికి కలదు."

మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఒకటే వాక్యం. నా దగ్గరికి రాకముందే కార్యాలయంలో ఎవరో దీనికి ఒక సులభ ప్రతి తయారుచేశారు:

"సీజను అయ్యేలోపు మీ అప్పు కట్టి సరుకు తీసుకువెళ్లండి. లేకపోతే నోటీసు ఇచ్చి వేలం వేస్తాం. మిగిలిన డబ్బు మీకు ఇస్తాం. వేరే లాటు బాకీ ఉంటే మీ సరుకు ఆపి బాకీ రాబట్టుకుంటాం."

చదవడానికి హాయిగా ఉంది. కానీ ఇది వేరే ఒప్పందం. అద్దె, హమాలీ, బీమా, అడ్వాన్సు అని నాలుగుగా ఉన్నవి "అప్పు" అయ్యేసరికి, రైతు అడ్వాన్సు ఒక్కటే కట్టి సరుకు అడిగే అవకాశం వచ్చింది. పదిహేను రోజుల గడువు మాయమైంది. అది రైతుకున్న రక్షణ. ప్రైవేటు అమ్మకం, తక్కువ పడిన మొత్తానికి రైతు బాధ్యత కూడా పోయాయి. అవి కంపెనీకి నష్టం. "హక్కు కలదు" అన్నది "వేలం వేస్తాం" అయింది. అంటే చేసినా చేయకపోయినా కంపెనీ ఇష్టం అయిన పని, చేసి తీరతామన్న మాటగా మారింది. అన్నిటికంటే పెద్ద తేడా చివరి వాక్యంలో ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వాక్యాలు చిన్నవి చేయడంతో పని మొదలుపెడితే జరిగేది ఇదే. అందుకే నేను ముందు రాయను, విడదీస్తాను. పేరాలోని ప్రతి క్రియాపదం కింద గీత గీసి, ఒక్కో క్రియకు పట్టికలో ఒక్కో వరుస ఇస్తాను. ఆ వరుసలో కర్త ఎవరు, ఎవరి పట్ల, చేయాలా, చేయవచ్చా, చేయకూడదా, ఎప్పటిలోగా, ఏ షరతు మీద, చేయకపోతే ఏమవుతుంది అన్నవి నింపుతాను. తెలియని గడిని ఖాళీగా వదిలి ఎర్రసిరాతో సున్నా చుడతాను. ఊహించి నింపను. ఈ ఒక్క పేరాలో తొమ్మిది వరుసలు తేలాయి: బకాయి చెల్లించడం, సరుకు తీసుకువెళ్లడం, నోటీసు, అమ్మకం, జమ, మిగులు చెల్లింపు, లోటు చెల్లింపు, ఇతర హక్కులు నిలిచి ఉండటం, మరో లాటును ఆపడం.

కర్త గడి దగ్గరే మొదటి అడ్డంకి వచ్చింది. "నోటీసు జారీ చేయబడిన పిమ్మట", "మిగులు చెల్లించబడును" అన్నచోట చేసేవారు కనిపించరు. నోటీసు ఇచ్చేది కంపెనీయే అని సందర్భం చెబుతుంది. మిగులు చెల్లించడం కంపెనీ బాధ్యత అని కూడా తెలుస్తుంది, కానీ వాక్యం ఆ మాటను సూటిగా అనదు. కర్మణి ప్రయోగాన్ని విప్పి "కంపెనీ మీకు చెల్లించాలి" అని రాయగానే యాజమాన్యంలో ఒకరు, ఇది కొత్త భారం కదా అన్నారు. కొత్తది కాదు. ముందునుంచీ ఉన్న బాధ్యతే ఇప్పుడు కంటికి కనిపించింది. అడ్వాన్సు ఇచ్చి సరుకును తాకట్టుగా పట్టుకున్నవారు, అమ్మగా మిగిలినది తాకట్టు పెట్టినవారికి ఇచ్చి తీరాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 176వ సెక్షనే చెబుతుంది.

ఈ పేరాకు చట్టంతో ఉన్న సంబంధం తెలియకుండా దీన్ని తిరగరాయడం ప్రమాదం. కారణం, ఇందులోని రెండు హక్కులు కేవలం ఈ అక్షరాల మీదే నిలబడి ఉన్నాయి. ఇతరుల సరుకును తన దగ్గర ఉంచుకున్నవారు, ఆ సరుకు మీద శ్రమ గానీ నైపుణ్యం గానీ పెట్టి సేవ చేసి ఉంటే, ఆ సేవకు ప్రతిఫలం అందేవరకు ఆ సరుకునే ఆపుకోవచ్చని 170వ సెక్షన్ అంటుంది. చల్లటి గదిలో నిల్వ ఉంచడం అలాంటి సేవ కిందికి వస్తుందా అన్న దగ్గరే వాదనకు తావుంది. వచ్చినా ఆ సెక్షన్ ఇచ్చేది ఆపే హక్కు, అమ్మే హక్కు కాదు. అడ్వాన్సు సంగతి వేరు. అది తాకట్టు కాబట్టి, సహేతుకమైన నోటీసు ఇచ్చి అమ్మే హక్కు 176వ సెక్షన్ కింద దానంతటదే వస్తుంది. అద్దె, హమాలీ, బీమా బాకీలకు సరుకు అమ్మాలంటే మాత్రం కంపెనీకి ఆధారం ఈ పేరాయే.

ఇక ఒక లాటు బాకీకి మరో లాటును ఆపడం. 171వ సెక్షన్ అలాంటి సాధారణ హక్కును బ్యాంకర్లు, హైకోర్టు న్యాయవాదులు వంటి అయిదు వర్గాలకే ఇచ్చింది. కోల్డ్ స్టోరేజీ ఆ వర్గాల్లో లేదు. మిగతావారికి ఆ హక్కు కావాలంటే ఒప్పందంలో స్పష్టంగా రాసుకుని ఉండాలి. అంటే "అయితే" అని మొదలై తోకలా వేలాడుతున్న ఆ ఆఖరి ముక్కే ఆ హక్కుకు ఏకైక పునాది. సులభం చేసే పేరుతో దాన్ని తీసేసినా, మసకబారేలా రాసినా కంపెనీకి ఆ హక్కే ఉండదు.

ఇప్పుడు కార్యాలయం ప్రతిలోని చివరి వాక్యం చూడండి. పాత పేరా "నిలుపుదల చేయు హక్కు" అంది, అంతవరకే. సులభ ప్రతి "ఆపి బాకీ రాబట్టుకుంటాం" అంది. రాబట్టుకోవడం అంటే అమ్మి రాబట్టుకోవడమని ఎవరికైనా తోస్తుంది. కానీ పాత పేరా అమ్మే హక్కు ఇచ్చింది "సదరు సరుకు" మీదే, అంటే బకాయి ఉన్న లాటు మీదే. పక్క లాటును ఇవ్వకుండా ఆపవచ్చు, దాన్ని వేలం వేసే హక్కు ఇందులో లేదు. రెండు పదాలు కలిపినందుకు, రైతు పూర్తిగా బాకీ తీర్చిన లాటు సరుకును సైతం అమ్ముకునే అధికారం కంపెనీకి ఉన్నట్లు తయారైంది. రైతులు ఇలాంటి పేరాకు నష్టపోయేది బస్తాల్లోనే కాబట్టి ఈ చోట నేను గంటలు గడపడానికి వెనకాడను.

ఎర్రసిరా సున్నాలను నేను కంపెనీ ముందూ, వారి న్యాయవాది ముందూ ప్రశ్నలుగా పెట్టాను. తిరగరాసేవారు సందిగ్ధాన్ని తమంతట తాము తీర్చకూడదన్నది ఈ పనిలో గట్టిగా పట్టుకోవాల్సిన నియమం. నేను ఏ వైపు తీర్చినా ఒకరి హక్కును మరొకరికి ఇచ్చినవాణ్ని అవుతాను. పదిహేను రోజులు నోటీసు పంపిన తేదీ నుంచా, రైతుకు అందిన తేదీ నుంచా? "జారీ" అంది కాబట్టి పంపిన తేదీ నుంచి అని న్యాయవాది తేల్చారు. ములుగు వైపు లోపలి పల్లెలకు పోస్టు ఆలస్యమైతే రైతుకు చేతిలో మిగిలే రోజులు తక్కువని, చట్టం అడిగేది సహేతుకమైన నోటీసు కాబట్టి రేపు అది వివాదం కావచ్చని విడిగా ఒక లేఖలో రాసి ఇచ్చాను. షరతులో మాత్రం వారు తేల్చినదే రాశాను. అడ్వాన్సు మీద వడ్డీని కూడా బకాయిలో చేర్చమని కార్యాలయం అడిగింది. పాత పేరాలో వడ్డీ ఊసు లేదు. వడ్డీకి వేరే పత్రం ఉంది. ఇక్కడ చేరిస్తే వడ్డీ బాకీకి కూడా సరుకు అమ్మవచ్చని అవుతుంది. అది తిరగరాయడం కాదు, కొత్త షరతు. దాన్ని పక్కన పెట్టించాను.

అన్నిటికంటే విలువైన ప్రశ్న అనుకోనిచోట బయటపడింది. సులభ భాషలో రాసేవారికి ఇష్టమైన ఉపాయం ఒకటుంది: పదేపదే వచ్చే జాబితాకు ఒక పేరు పెట్టి, మొదట్లో నిర్వచించి, తర్వాత ఆ పేరే వాడటం. "బకాయి" అంటే ఈ నాలుగూ అని నిర్వచించాను. అది అమ్మకం షరతుల్లో చక్కగా అమరింది. మరో లాటును ఆపే షరతులోకి వచ్చేసరికి అర్థం మారిపోయింది. రైతుకు రెండు లాట్లున్నాయి. జూన్‌లో ఒక లాటుకు మంచి ధర పలికింది, ఆ లాటు అద్దె, హమాలీ, బీమా, అడ్వాన్సు కట్టి తీసుకువెళ్తానన్నారు. రెండో లాటు మీద చెల్లించాల్సినవి ఉన్నాయి గానీ, వాటికి సీజను చివరి దాకా గడువుంది. మొదటి లాటును ఆపవచ్చా? నిర్వచనం ప్రకారం రాస్తే ఆపవచ్చు. పాత పేరా మాత్రం అక్కడ "బకాయి పడియున్న యెడల" అంది. గడువు దాటినా కట్టకుండా ఉండటమే బకాయి పడటం. కౌంటరు దగ్గర అడిగితే, జూన్‌లో అలా ఎవరి సరుకూ ఆపలేదన్నారు. న్యాయవాది కూడా గడువు దాటినవే అని ఖాయం చేశారు. ఒకే మాట పాత పేరాలో రెండు చోట్ల రెండు బరువులు మోస్తోంది. నిర్వచనం పెట్టేముందు ఆ మాట వచ్చిన ప్రతిచోటా నిర్వచనాన్ని ఉంచి చదివి చూస్తేనే ఇది దొరుకుతుంది.

"ఇతర హక్కులకు భంగము లేకుండ" అన్న ముక్కను చాలామంది అలంకారం అనుకుని కొట్టేస్తారు. సరుకు అమ్మే దారి పట్టినంత మాత్రాన, దావా వేయడం వంటి మిగతా దారులు మూసుకుపోవని దాని అర్థం. దాన్ని ఉంచి, మాటలు మార్చాను.

ఆమోదం పొందిన కొత్త ప్రతి ఇది. సీజను నవంబరు 30తో ముగుస్తుందని మొదటి పేరాలో ఎక్కడో ఉంది. ఆ తేదీని వెతుక్కునే పని లేకుండా ఇక్కడికే తెచ్చాను.

"మీ బకాయి, మీ సరుకు

ఈ షరతుల్లో 'మీరు' అంటే సరుకు డిపాజిట్ చేసినవారు. 'బకాయి' అంటే ఒక లాటు మీద మీరు చెల్లించాల్సిన అద్దె, హమాలీ, బీమా రుసుము, కంపెనీ మీకు ఇచ్చిన అడ్వాన్సు, ఈ నాలుగూ కలిపి.

6.1 నవంబరు 30 దాటకుండా మీరు బకాయి మొత్తం చెల్లించాలి, సరుకు తీసుకువెళ్లాలి.

6.2 మీరు అలా చేయకపోతే కంపెనీ మీకు నోటీసు పంపి, పంపిన తేదీ నుంచి 15 రోజులు పూర్తయ్యాక ఆ లాటు సరుకును అమ్మవచ్చు. నోటీసు పంపకుండా గానీ, 15 రోజులు పూర్తికాకముందు గానీ ఈ షరతు కింద అమ్మకూడదు.

6.3 కంపెనీ బహిరంగ వేలంలో గానీ ప్రైవేటుగా గానీ అమ్మవచ్చు. వచ్చిన డబ్బును ఆ లాటు బకాయికి జమ చేసుకోవచ్చు.

6.4 బకాయి పోగా డబ్బు మిగిలితే, దాన్ని కంపెనీ మీకు చెల్లించాలి.

6.5 వచ్చిన డబ్బు బకాయికి చాలకపోతే, తక్కువ పడిన మొత్తాన్ని మీరు కంపెనీకి చెల్లించాలి.

6.6 6.2 కింద అమ్మే హక్కు ఉన్నా, అమ్మినా, కంపెనీకి ఉన్న ఇతర హక్కులు పోవు.

ఒక లాటు బకాయికి మరో లాటును ఆపడం

6.7 మీరు ఏదైనా లాటు బకాయిని గడువు దాటినా చెల్లించకపోతే, అది తీరేవరకు మీ మరే లాటునైనా కంపెనీ ఇవ్వకుండా ఆపవచ్చు. ఆ రెండో లాటు బకాయి మీరు పూర్తిగా చెల్లించి ఉన్నా ఆపవచ్చు. 6.5 కింద తక్కువ పడిన మొత్తానికి కూడా ఇది వర్తిస్తుంది. 6.7 ఆపే హక్కు మాత్రమే ఇస్తుంది, అమ్మే హక్కు ఇవ్వదు."

కొత్త ప్రతి పాతదానికంటే పొట్టిది కాదని గమనించే ఉంటారు. పొడవు తగ్గించడం నా లక్ష్యం కాదు. క్రియల విషయంలో మాత్రం కఠినంగా ఉన్నాను. బాధ్యతకు "చేయాలి", హక్కుకు "చేయవచ్చు", నిషేధానికి "చేయకూడదు" తప్ప మరొకటి వాడలేదు. "చెల్లిస్తుంది", "అమ్ముతుంది" వంటి రూపాలు హామీయో, వర్ణనో, ఆనవాయితీయో తేల్చవు. "నవంబరు 30 లోపు" అన్నా కొందరు 29తోనే గడువు అయిపోయిందనుకుంటారు కాబట్టి "దాటకుండా" అన్నాను.

రాసిన తర్వాత సరిచూడటం రెండు దిక్కుల నుంచి చేశాను. పట్టికలోని తొమ్మిది వరుసల్లో ప్రతిదానికీ కొత్త ప్రతిలో ఒక చోటు ఉందా అన్నది మొదటిది. కొత్త ప్రతిలోని ప్రతి వాక్యానికీ పట్టికలో ఆధారం ఉందా అన్నది రెండోది. చాలామంది మొదటిదానితో ఆగిపోతారు. జారిపోయినవి అందులో దొరుకుతాయి గానీ, కొత్తగా చొరబడినవి రెండోదానిలోనే దొరుకుతాయి. 6.2లోని రెండో వాక్యం, 6.7లోని చివరి మూడు వాక్యాలు పట్టికలో నేరుగా లేవు, పాత మాటల నుంచి రాబట్టినవి. వాటికి పసుపు రంగు వేసి న్యాయవాది చేత ఒక్కొక్కటిగా సంతకం పెట్టించాను.

తర్వాత ఎనుమాముల యార్డులో కొందరు రైతుల చేత చదివించాం. అర్థమైందా అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. అందుకే సందర్భాలు చెప్పి తీర్పు అడిగాం. "నిరుడు ఒక రైతు లాటు అమ్మితే బకాయికి 18,000 రూపాయలు తక్కువ పడ్డాయి. ఆయన ఇంకా కట్టలేదు. ఈ ఏడాది 60 బస్తాలు పెట్టారు, వాటి బకాయి మొత్తం కట్టేశారు. సరుకు ఇవ్వాలా?" ఆపే షరతు అమ్మకం షరతుల వరుసలోనే చివరన ఉన్నప్పుడు "కట్టేశారు కదా, ఇవ్వాలి" అన్న జవాబే ఎక్కువ వచ్చింది. దానికి వేరే శీర్షిక ఇచ్చి, "పూర్తిగా చెల్లించి ఉన్నా" అన్న వాక్యం చేర్చాక జవాబులు మారాయి. ఒక పెద్దాయన చదివి, "ఇది న్యాయంగా లేదు" అన్నారు. ఆయనకు షరతు సరిగ్గా అర్థమైంది. న్యాయమా కాదా అన్నది ఆయనా కంపెనీ తేల్చుకోవాల్సిన విషయం, అర్థం కాకపోతే ఆ మాటే రాదు.

లెక్కతో ఉదాహరణ ఇవ్వమని కార్యాలయం అడిగింది. బకాయి 1,20,000, అమ్మగా 1,50,000 వచ్చింది, రైతుకు 30,000 అని రాయబోతే, వేలం ఖర్చులు తీసేశాకా, తీయకముందా అని గుమస్తా అడిగారు. పాత పేరా జమ చేసుకోమన్నది బకాయిలనే, వేలం ఖర్చుల మాట అందులో లేదు. ఉదాహరణలో ఖర్చులు తీసేస్తే లేని హక్కు ఇచ్చినట్లు, తీయకపోతే యాజమాన్యం ఇంకా నిర్ణయించని విషయాన్ని నేను నిర్ణయించినట్లు. అది తేలేదాకా ఉదాహరణ వద్దని తీసేశాం.

చట్టం రైతుకు ఇచ్చిన ఒక హక్కు పాత పేరాలో అసలు లేదు. అడ్వాన్సు గడువు దాటినా, సరుకు నిజంగా అమ్ముడయ్యే క్షణం దాకా బాకీని, ఆలస్యం వల్ల అయిన ఖర్చులను కట్టి విడిపించుకోవచ్చని 177వ సెక్షన్ చెబుతుంది. దాన్ని షరతుల మధ్య పెట్టలేదు. షరతుల కింద గీత గీసి, "చట్టం ప్రకారం మీకున్న హక్కు" అని విడిగా ముద్రించమని సూచించాను, యాజమాన్యం ఒప్పుకుంది.

ఆఖరుగా ఏ ప్రతి చెల్లుతుందన్న ప్రశ్న. పాత పేరాను చట్టబద్ధ ప్రతిగా ఉంచి, కొత్తదాన్ని అర్థం కోసం మాత్రమే ఇద్దామని మొదట అనుకున్నారు. అలా చేస్తే రైతు నమ్మి చదివేది ఒకటి, ఆయన్ను కట్టిపడేసేది మరొకటి అవుతుంది. న్యాయవాది కూడా ఆ పద్ధతికి ఒప్పుకోలేదు. కొత్త సీజను రసీదుల మీద కొత్త ప్రతి ఒక్కటే, ఆ ప్రతికి వేసిన తేదీతో సహా ముద్రించారు. అప్పటికే గదుల్లో ఉన్న బస్తాలకు మాత్రం అవి దించిన రోజు ఇచ్చిన పాత రసీదు షరతులే వర్తిస్తాయి, కంపెనీ ఒక్కటే వాటిని మార్చలేదు. కాబట్టి ఆ లాట్లు ఖాళీ అయ్యేవరకు కౌంటరు దగ్గర రెండు ప్రతులూ ఉంచి, ఏ రసీదుకు ఏది వర్తిస్తుందో రసీదు తేదీని బట్టి చూసుకునేలా గుమస్తాలకు చెప్పాం.